గింజ ఎక్కడ విరిగింది? వడ్ల మరలో నిండు గింజ లెక్క, ఆపైన తౌడు, ఊక

యాసంగి వడ్లను పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ వస్తుందని తెలంగాణలో రైతుకూ తెలుసు, మిల్లరుకూ తెలుసు. 2021-22లో ఉప్పుడు బియ్యం కొనుగోలు మీద రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య వాదం నడిచినప్పుడు ఈ నూక మాట పదే పదే వచ్చింది. ప్రభుత్వం కొన్న వడ్లను మిల్లరు ఆడించి బియ్యంగా తిరిగిచ్చే సీఎంఆర్ పద్ధతి కింద క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. పచ్చి బియ్యంలో నూక 25 శాతం, ఉప్పుడు బియ్యంలో 16 శాతం దాటకూడదన్నది చాలాకాలంగా నడిచిన నిబంధన. ఈ అంకెలు అందుకోలేని మిల్లులో మొదట తిట్లు తినేది మిషను. దాన్ని నడిపేవాడు పొట్టు ఊడదీసే షెల్లర్‌ను బిగించాడనీ, పాలిష్ ఎక్కువ పట్టాడనీ అంటారు.

అది కొన్నిసార్లు నిజం. అయితే చాలాసార్లు గింజ మిల్లు గేటు దాటకముందే లోపల పగిలి ఉంటుంది. పొట్టు కింద ఆ పగులు కనపడదు. మిల్లు చేసేది పగిలిన గింజను రెండు ముక్కలుగా విడదీయడమే. అందువల్ల మీరు ముందు నేర్చుకోవలసింది నూకను కొలవడం ఒక్కటే కాదు, ఆ నూక పొలంలో పుట్టిందా, కల్లంలో పుట్టిందా, మరలో పుట్టిందా అని విడదీసి చెప్పడం. దానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు.

ముందు ల్యాబ్‌లో లెక్క తేల్చండి

నిండు గింజ, అంటే హెడ్ రైస్, అని దేన్ని అనాలో ముందు ఖాయం చేసుకోండి. పూర్తి గింజ పొడవులో నాలుగింట మూడు వంతులు, అంతకంటే ఎక్కువ ఉన్నది నిండు గింజ. అంతకంటే తక్కువైతే నూక. కొస కొంచెం ఊడిన గింజను నూకలో వేయకండి. కొత్తవాళ్ల లెక్కలు తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

లాట్‌లో పైనా, మధ్యా, అడుగునా ఉన్న బస్తాల నుంచి వడ్లు తీసి కలపండి. కుప్పను నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచి మిగతావి తీసేయండి. కిలో మిగిలేదాకా ఇలాగే చేయండి. తాలు, గడ్డి, మట్టి బెడ్డలు తీసేసి 200 గ్రాములు తూచండి. తేమ 13 నుంచి 14 శాతం మధ్య ఉండాలి. ఎక్కువుంటే ఎండలో పెట్టకండి, నీడలో పలచగా పరిచి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో పెడితే మీరు కొలవాలనుకున్న పగులును మీరే తెచ్చినట్టవుతుంది.

రబ్బరు రోలర్ల ల్యాబ్ షెల్లర్‌లో వడ్లు పోసి, పొట్టు ఊడని గింజలు ఏరి మళ్లీ పోయండి. వచ్చిన ముడి బియ్యాన్ని తూచి ల్యాబ్ పాలిషర్‌లో వేయండి. ఎంతసేపు ఆడించాలన్నది గడియారం చూసి కాదు, తౌడు తూకం చూసి నిర్ణయించాలి. ముడి బియ్యం బరువులో దాదాపు 10 శాతం తౌడుగా పోతే చాలు. ఒక శాంపిల్‌ను 8 శాతానికీ ఇంకోదాన్ని 12 శాతానికీ పాలిష్ పట్టి నిండు గింజ పోల్చడం తప్పు. పాలిష్ పెరిగేకొద్దీ ఏ రకంలోనైనా నిండు గింజ తగ్గుతుంది. గట్టి గింజ రకం, మెత్తటి గింజ రకం ఒకే నిమిషాల్లో ఒకే పాలిష్‌కు రావు కాబట్టి, ప్రతి రకానికీ ఒకసారి విడిగా సమయం పట్టి చూసుకోండి.

పాలిషర్ నుంచి వేడిగా వచ్చిన బియ్యాన్ని వెంటనే మూత ఉన్న డబ్బాలో పెట్టి చల్లారనివ్వండి. ఫ్యాను కింద పళ్లెంలో వదిలేస్తే పాలిష్ తర్వాత కూడా గింజ పగులుతుంది. చల్లారాక గ్రేడర్‌లో నూక విడదీసి, అందులోంచి 10 గ్రాములు చేత్తో ఏరి సరిచూడండి. గ్రేడర్ గుంటల కొలత గింజ పొడవుకు సరిపోకపోతే సన్న గింజల దగ్గర తప్పు విడగొడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 200 గ్రాముల వడ్ల నుంచి 157 గ్రాముల ముడి బియ్యం వచ్చింది. పాలిష్ తర్వాత 141 గ్రాములు. అందులో నిండు గింజ 110 గ్రాములు, నూక 31 గ్రాములు.

తౌడు 16 గ్రాములు, 157లో 10.2 శాతం. పాలిష్ సరిగానే ఉంది.
మొత్తం బియ్యం 141 ÷ 200 = 70.5 శాతం.
నిండు గింజ 110 ÷ 200 = 55 శాతం.
బియ్యంలో నూక 31 ÷ 141 = 22 శాతం.

చివరి రెండు లెక్కల్లో భాగహారం కింద ఉన్న అంకె మారిందని గమనించండి. నిండు గింజ శాతాన్ని వడ్ల బరువు మీద చెబుతారు, నూక శాతాన్ని బియ్యం బరువు మీద చెబుతారు. ఇవి కలగలిపి 55, 22 కూడి 77 అనుకుని ఇంత బియ్యం వచ్చిందా అని ఆశ్చర్యపోయే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. రిపోర్టులో ప్రతి శాతం పక్కనా దేని మీద అన్నది రాయండి.

పొట్టు విప్పి పగులు చూడండి

అదే శాంపిల్ నుంచి ఎంచకుండా 100 వడ్ల గింజలు తీసి, గోటితో మెల్లగా పొట్టు తీయండి. దీనికి షెల్లర్ వాడొద్దు, రోలర్ చేసిన పగులు కూడా ఇందులో కలిసిపోతుంది. ఒక డబ్బా మీద గాజుపలక పెట్టి, దాని మీద బటర్ పేపర్ పరిచి, కింద ఫోను టార్చి వెలిగించండి. గింజలు ఒక్కో వరసలో పేర్చి చూడండి. పగులు గింజకు అడ్డంగా సన్నటి గీతలా ఉంటుంది. గింజను కొంచెం తిప్పితే ఆ గీతకు ఒక పక్క వెలుగు, ఇంకో పక్క నీడ మారుతుంది. సుద్దలా తెల్లగా ఉండే పొట్టతెలుపును పగులని లెక్కపెట్టకండి. అది వెలుగులో మసక మచ్చగా కనపడుతుంది, గీతగా కాదు. అయితే అలాంటి గింజ కూడా మెత్తగా ఉండి పాలిషర్‌లో సులభంగా విరుగుతుంది కనుక, దాన్ని పక్క గడిలో విడిగా రాసుకోండి.

ఒక జాగ్రత్త ఉంది. ఎండబెట్టిన రోజే చూస్తే పగుళ్లు తక్కువ కనపడతాయి. ఆరిన గింజలో పైపొర ఎండిపోయి, లోపల తేమ ఇంకా ఉంటుంది. ఆ తేడా సర్దుకునే క్రమంలో పగులు తర్వాత పుడుతుంది. కాబట్టి ఆరబెట్టాక గాలి చొరని సంచిలో రెండు రోజులు ఉంచి అప్పుడు లెక్కపెట్టండి. సాయంత్రం ఆరిన వడ్లు బాగున్నాయని రాత్రే ఆడించిన మిల్లుకూ, మూడో రోజు ఆడించిన మిల్లుకూ నూక వేరుగా రావడానికి ఇదీ ఒక కారణం.

పగులు ఎలా పుడుతుందో కళ్లతో చూడాలంటే ఒక చిన్న ప్రయోగం చేయండి. 12 శాతం తేమకు ఆరిన ముడి బియ్యం గింజలు ఇరవై, 20 శాతం తేమ ఉన్న వడ్ల నుంచి అప్పుడే చేత్తో ఒలిచిన గింజలు ఇరవై తీసుకుని, రెండు గిన్నెల నీళ్లలో వేయండి. పావుగంటలో ఎండు గింజల్లో అడ్డగీతలు వరసగా పడతాయి. పచ్చి గింజలు దాదాపు అలాగే ఉంటాయి. దీని నుంచి గుర్తుపెట్టుకోవలసింది ఒకటే. ఎండిన గింజ మళ్లీ తడిస్తే పగులుతుంది. పైపొర నీరు పీల్చి ఉబ్బుతుంది, లోపలి భాగం ఉబ్బదు, సాగలేక మధ్యలో చీలుతుంది.

యాసంగి వడ్ల కథ అంతా ఇదే. ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 డిగ్రీలు దాటిన ఎండకు కంకి మీద ఉండగానే గింజ తేమ బాగా పడిపోతుంది. రాత్రి గాలిలో తేమ పెరుగుతుంది, కొన్నిసార్లు అకాల వాన వస్తుంది. ఆరిన గింజ మళ్లీ తేమ పీలుస్తుంది. కోత ఒక వారం ఆలస్యమైతే ఈ ఎండటం, తడవటం ఏడుసార్లు జరుగుతుంది. వానాకాలం పంటలో కోత సమయానికి ఎండ ఇంత తీవ్రంగా ఉండదు, అదే రకం గింజ నిలబడుతుంది. సన్నగా, పొడుగ్గా ఉండే ఎంటీయూ 1010 లాంటి రకాల్లో ఈ తేడా మరింత బాగా తెలుస్తుంది.

కోతలో, కల్లంలో చేయగలిగింది

కంకిలో నూటికి 80 నుంచి 85 గింజలు బంగారు రంగుకు వచ్చి, తేమ 20 నుంచి 22 శాతం ఉన్నప్పుడు కోయించండి. తేమ తగ్గాక కోస్తే ఆరబెట్టే పని తప్పుతుందని పొలంలోనే వదిలేయడం నష్టం. హార్వెస్టర్ దొరకక ఆగాల్సి వస్తే అది వేరే సంగతి, కానీ అప్పుడు ఆ లాట్‌ను పచ్చి బియ్యానికి కాకుండా ఉప్పుడు బియ్యానికి పక్కన పెట్టడం మంచిది.

ఆరబెట్టేటప్పుడు పట్టా మీద మూడు నాలుగు సెంటీమీటర్ల మందంలో పరవండి. మరీ పలచగా పరిస్తే గింజ వేడెక్కిపోతుంది, మందంగా పరిస్తే పైన ఎండి కింద పచ్చిగా ఉంటుంది. అరగంటకోసారి తిరగేయండి. మిట్టమధ్యాహ్నం గింజ చేతికి చురుక్కుమంటుంటే వడ్లను కుప్ప చేసి పట్టా కప్పండి. కుప్పలో లోపలి తేమ పైకి వచ్చి సర్దుకుంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక మళ్లీ పరవండి. సాయంత్రం మంచు దిగకముందే కుప్ప చేసి కప్పేయండి. రాత్రంతా ఆరుబయట పరిచి ఉంచిన వడ్లే మర్నాడు పగిలిపోతాయి. మీటరు 14 చూపిస్తే ఆపండి. 20 శాతం తేమ ఉన్న 100 కిలోలు 14 శాతానికి 93 కిలోలవుతాయి, 11 శాతానికి ఆరబెడితే దాదాపు 90 కిలోలే మిగులుతాయి. నూక పెరగడమే కాక మూడు కిలోల తూకం కూడా గాలిలో కలుస్తుంది.

ఇక్కడ మిల్లు యార్డులో జరిగే ఒక తప్పు గురించి గట్టిగా చెప్పాలి. ఒక రైతు వడ్లు 12 శాతం, ఇంకో రైతు వడ్లు 17 శాతం ఉంటాయి. రెండూ ఒకే గుట్టగా పోస్తారు. మర్నాడు మీటరు దాదాపు 14 చూపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. లోపల జరిగింది వేరు. పచ్చి గింజ వదిలిన తేమను పక్కనున్న ఎండు గింజ పీల్చుకుంది, అంటే మీరు గిన్నెలో చేసిన ప్రయోగమే గుట్టలో జరిగింది. సగటు తేమ బాగుండి నూక మాత్రం పెరిగిన లాట్ కనపడితే, తేమ మీటరును అనుమానించే ముందు ఎవరెవరి వడ్లు ఎప్పుడు కలిపారో అడగండి. రెండు శాతం కంటే ఎక్కువ తేడా ఉన్న లాట్లను విడిగా పోయించండి.

ఉప్పుడు బియ్యంలో నూక ఎందుకు తగ్గుతుందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు గింజలోని పిండి జిగురుగా మారి పాత పగుళ్లను అతికించేస్తుంది. అయితే ఆ తర్వాత ఆరబెట్టే తీరు చెడితే కొత్త పగుళ్లు వస్తాయి. 35 శాతం తేమ నుంచి 18 శాతం దాకా వేగంగా ఆరబెట్టవచ్చు. అక్కడ డ్రయర్ ఆపి కొన్ని గంటలు గుట్టలో సర్దుకోనిచ్చి, తర్వాత మెల్లగా 14కి తేవాలి. ఒకే ఊపున 14కి లాగితే ఉప్పుడు బియ్యం కూడా నూకవుతుంది.

మిల్లు లోపల దశల వారీగా వెతకండి

ఇప్పుడు మిల్లులోకి రండి. లాట్ ఆడుతుండగా ఈ చోట్ల నుంచి 50 గ్రాముల చొప్పున పట్టండి: షెల్లర్ తర్వాత, తౌడు తీసే మొదటి వైట్‌నర్ తర్వాత, రెండో వైట్‌నర్ తర్వాత, సిల్కీ పాలిషర్ తర్వాత. గ్రేడర్‌కు ముందే పట్టాలి. నూక విడదీశాక పడితే ఏమీ తెలియదు. షెల్లర్ దగ్గర పట్టిన దాంట్లో పొట్టు ఊడని వడ్లు ఏరేసి, మిగిలిన ముడి బియ్యం మీద నూక లెక్కకట్టండి.

యాసంగి ఎంటీయూ 1010 లాట్‌లో ఇలా వచ్చిందనుకోండి. చేత్తో ఒలిచిన 100 గింజల్లో పగిలినవి 14. షెల్లర్ తర్వాత నూక 6 శాతం, మొదటి వైట్‌నర్ తర్వాత 11, రెండో వైట్‌నర్ తర్వాత 22, సిల్కీ తర్వాత 24.

దీన్ని ఇలా చదవండి. 14 పగుళ్లున్న లాట్‌లో మొదటి వైట్‌నర్ దాటేసరికి 11 శాతం నూక రావడం సహజమే. పగిలిన గింజలు ఒక్కొక్కటే విడిపోతున్నాయి, మిషను తప్పు లేదు. రెండో వైట్‌నర్ ఒక్కదానిలోనే 11 శాతం పెరిగింది. పగిలిన గింజలు దాదాపు అయిపోయాక కూడా విరుగుతున్నాయంటే అక్కడ మంచి గింజలు విరుగుతున్నాయి. వెతకాల్సింది అక్కడే. అదే పగుళ్లు 14 కాకుండా 22 ఉండి, నూక కూడా ప్రతి దశలో కొద్దికొద్దిగా పెరిగి 24కి చేరి ఉంటే, మిల్లులో బోల్టు తిప్పినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

రెండో వైట్‌నర్ దగ్గర మొదట బియ్యాన్ని పిడికిట్లో పట్టుకోండి, తర్వాత థర్మామీటరు పెట్టండి. బియ్యం 43, 44 డిగ్రీలు దాటితే గింజ మీద పని ఎక్కువైనట్టే. జల్లెడ రంధ్రాలు తౌడుతో మూసుకుపోయాయేమో, తౌడు లాగే గాలి తగ్గిందేమో చూడండి. తౌడు బయటికి పోకపోతే గింజ లోపలే నలిగి వేడెక్కుతుంది. కోన్ మిషనైతే రబ్బరు బ్రేకులకూ కోన్‌కూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అన్ని బ్రేకులూ సమానంగా ఉన్నాయా అన్నది ఫీలర్ గేజ్‌తో చూడండి, ఒక్కటి ముందుకు వచ్చినా గింజ అక్కడ తెగుతుంది. చివరికి రెండు వైట్‌నర్ల మోటార్ల ఆంపియర్లు పోల్చండి. మొదటి దానిమీద భారం తక్కువ పెట్టి, పాలిషంతా రెండో దానితో చేయించడం తరచూ జరిగే పొరపాటు. భారాన్ని రెండింటికీ పంచి, పది నిమిషాలు ఆగి మళ్లీ శాంపిల్ పట్టండి.

పంచాక చివరి నూక 17 శాతానికి దిగిందనుకుందాం. వంద క్వింటాళ్ల వడ్లకు 68 క్వింటాళ్ల బియ్యం వస్తే, ఏడు శాతం తేడా అంటే 4.76 క్వింటాళ్లు నూక కాకుండా నిండు గింజగా మిగిలింది. గింజకూ నూకకూ క్వింటాలు మీద వెయ్యి రూపాయల తేడా అనుకున్నా 4,760 రూపాయలు. అదీ ఒక్క సర్దుబాటుతో.

పెరుగుదల షెల్లర్ దగ్గరే కనపడితే రోలర్ల మధ్య ఖాళీ చూడండి. ఖాళీ గింజ మందం కంటే తక్కువ ఉండాలి, అర మిల్లీమీటరు నుంచి 0.8 మిల్లీమీటర్ల వరకు. ఒకే దఫాలో నూటికి నూరు పొట్టు ఊడాలని బిగించకండి. 85 నుంచి 90 శాతం ఊడితే చాలు, మిగిలినవి ప్యాడీ సెపరేటర్ నుంచి తిరిగి వస్తాయి. తిరిగి వచ్చేవి ఎక్కువగా సన్న గింజలు. వాటికోసం మొత్తం షెల్లర్‌ను బిగిస్తే లావు గింజలు నలుగుతాయి కాబట్టి, వీలుంటే వాటికి చిన్న షెల్లర్ వేరుగా పెట్టించాలి. వేగంగా తిరిగే రోలర్ ముందు అరుగుతుంది. రెండింటి వ్యాసం తేడా పెరిగితే వేగాల తేడా చెడి పొట్టు ఊడటం తగ్గుతుంది, నడిపేవాడు ఇంకా బిగిస్తాడు, నూక పెరుగుతుంది. అందుకే రోలర్లను మధ్యమధ్య చోట్లు మార్చి వేయాలి.

ఈ పరీక్షలో ఒక మోసం దాగి ఉంటుంది. వైట్‌నర్ జల్లెడ చిరిగితే సన్న నూక తౌడులోకి జారిపోతుంది, మీ నూక శాతం తక్కువగా, అందంగా కనపడుతుంది. కాబట్టి ప్రతిసారీ 100 గ్రాముల తౌడును ఒక మిల్లీమీటరు జల్లెడ పట్టి, పైన ఏం మిగిలిందో చూడండి. బియ్యపు ముక్కలు మిగిలితే వైట్‌నర్ జల్లెడ చిరిగింది. ఊక తునకలు మిగిలితే షెల్లర్ ఆస్పిరేటర్ గాలి సరిపోవడం లేదు. జల్లెడ దాటే సన్న ముక్కలకు కింది తౌడును వేళ్ల మధ్య రుద్దండి, గరగర తెలుస్తుంది.

తౌడు: గంటల లెక్క

ఆ తౌడు శుభ్రత మీదే దాని ధర నిలుస్తుంది. పాత హల్లర్ మిల్లులో ఊక, తౌడు, నూక కలిసి చిట్టుగా వస్తాయి. అది పశువుల దాణాకు తప్ప నూనెకు పనికిరాదు. ఆధునిక మిల్లులో విడిగా వచ్చే పచ్చి తౌడులో నూనె 15 నుంచి 20 శాతం, ఉప్పుడు బియ్యం తౌడులో 20 నుంచి 25 శాతం వరకు ఉంటుంది.

కానీ పాలిషర్ నుంచి బయటపడ్డ క్షణం నుంచే పచ్చి తౌడు పాడవడం మొదలవుతుంది. గింజలో వేర్వేరు పొరల్లో ఉన్న నూనె, లైపేజ్ అనే ఎంజైమ్ పాలిష్‌లో ఒక్కచోట కలుస్తాయి. లైపేజ్ నూనెను విడగొట్టి ఫ్యాటీ ఆమ్లాలు వదులుతుంది. ఆ ఆమ్లత్వం రోజుకు అయిదు శాతం, అంతకు మించి కూడా పెరుగుతుంది. వంటనూనెగా శుద్ధి చేయాలంటే ఆమ్లత్వం తక్కువలో ఉండాలి, పది శాతం దాటితే శుద్ధిలో నష్టం ఎక్కువై ఆ నూనె సబ్బులకు పోతుంది. మూడు రోజులు మిల్లులో బస్తాల్లో నిల్వ ఉన్న తౌడు వేసవిలో ఏమవుతుందో మీరే లెక్కకట్టండి. ఉప్పుడు బియ్యం తౌడులో ఆవిరికి ఎంజైమ్ చచ్చి ఉంటుంది కాబట్టి అది ఎక్కువ నిలుస్తుంది.

పచ్చి తౌడును నిలబెట్టాలంటే ఎంజైమ్‌ను వేడితో చంపాలి. మిల్లుల్లో ఎక్స్‌ట్రూడర్‌లో 120, 130 డిగ్రీలకు తీసుకెళ్తారు. ల్యాబ్‌లో మైక్రోవేవ్‌తో చేయవచ్చు. అప్పుడే ఆడించిన, 10 శాతం తేమ ఉన్న తౌడు 130 గ్రాములు తీసుకుని, 18 మిల్లీలీటర్ల నీళ్లు చిలకరిస్తూ సమంగా కలపండి. తేమ 21 శాతానికి వస్తుంది. మైక్రోవేవ్‌కు పనికొచ్చే సంచిలో పలచగా పరిచి 850 వాట్ల మీద మూడు నిమిషాలు పెట్టండి. నీళ్లు కలపడం మానేయకండి, పొడి తౌడులో ఎంజైమ్ వేడిని బాగా తట్టుకుంటుంది. తౌడు పైన మాడి ఎంజైమ్ బతికే ఉండటం ఈ తప్పు వల్లే.

ఎంజైమ్ చచ్చిందో లేదో తెలుసుకోవాలంటే పెరాక్సిడేజ్ పరీక్ష చేయండి. కొంచెం తౌడును నీళ్లలో కలిపి వడకట్టి, గ్వాయకాల్ ద్రావణం, పలచటి హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేయండి. ఇటుక రంగు వస్తే వేడి చాలలేదు. పెరాక్సిడేజ్ లైపేజ్ కంటే మొండిది, అది చచ్చిందంటే లైపేజ్ కూడా చచ్చినట్టే.

నూనె తీశాక మిగిలే తౌడును మిల్లుల వాళ్లూ చెరువుల వాళ్లూ డీఓబీ అంటారు. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా, గోదావరి జిల్లాల చేపల చెరువుల్లో దీన్ని చిల్లులు పెట్టిన సంచుల్లో పోసి, కర్రలకు కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. చేపలు చిల్లుల దగ్గరకు వచ్చి తింటాయి. ఇందులో మెత్తగా రుబ్బిన ఊక కలిపే మోసం ఉంది. కంటికి తెలియదు. తౌడును మఫిల్ ఫర్నేస్‌లో బూడిద చేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మరిగించి వడకట్టండి. ఊకలోని సిలికా కరగకుండా మిగిలిపోతుంది. మంచిదని నమ్మకమున్న డీఓబీని కూడా పక్కన చేసి రెండు మిగులు తూకాలూ పోల్చండి.

ఊక: మిల్లు సొంత ఇంధనం సరిపోతుందా?

వడ్ల బరువులో దాదాపు అయిదో వంతు ఊక. టన్ను వడ్లకు 200 కిలోలు. కిలోకు 3,200 కిలోక్యాలరీల చొప్పున 6,40,000 కిలోక్యాలరీలు. ఉప్పుడు బియ్యం మిల్లుకు ఇది చాలుతుందా?

టన్ను వడ్లలో, 14 శాతం తేమ పోను, పొడి పదార్థం 860 కిలోలు. ఆవిరి పట్టాక తేమ 35 శాతమైతే మొత్తం బరువు 1,323 కిలోలు. మళ్లీ 14కి తేవాలంటే 323 కిలోల నీటిని ఆవిరి చేయాలి. కిలోకు 540 చొప్పున దాదాపు 1,74,000 కిలోక్యాలరీలు. బాయిలర్, డ్రయర్ రెండూ కలిపి నూటికి 40 వంతుల వేడినే వాడుకుంటే 136 కిలోల ఊక కావాలి. నానబెట్టే నీళ్లను వేడి చేయడానికి, ఆవిరి పట్టడానికి మరో 45 కిలోలు వేయండి. మొత్తం 181. 19 కిలోలు మిగిలింది. అదే 40 బదులు 30 వంతులే వాడుకుంటే ఆరబెట్టడానికే 182 కిలోలు, మొత్తం 227. మిల్లు బయట ఊక కొనుక్కోవాలి. వానకు తడిసిన ఊక, పైపులకు చుట్టని ఇన్సులేషన్, డ్రయర్ నుంచి బయటికి పోయే వేడిగాలి ఈ పది వంతులు తినేస్తాయి. ఉప్పుడు మిల్లులో ఊక మిగులుతోందా అని అడిగితే, దాని వేడి వాడకం ఎలా ఉందో ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది.

పచ్చి బియ్యం మిల్లులో ఊక మిగులుతుంది. ఇటుక బట్టీలకు, కోళ్ల షెడ్లలో పరుపుకు, కరెంటు తయారీకి పోతుంది. పశువుల మేతగా పెట్టకండి, సిలికా, లిగ్నిన్ ఎక్కువుండి జీర్ణం కాదు.

200 కిలోల ఊక కాలితే 40 కిలోలకు కొంచెం అటూఇటూ బూడిద వస్తుంది. అందులో 85 నుంచి 95 శాతం సిలికా. సిమెంటులో కలపడానికి ఈ బూడిద పనికొస్తుంది గానీ, ఎలా కాల్చారన్నది ముఖ్యం. దాదాపు 700 డిగ్రీల లోపు కాలితే సిలికా స్ఫటికం కాకుండా ఉండి సున్నంతో చురుగ్గా కలుస్తుంది. అంతకు మించి వేడెక్కితే స్ఫటికంగా మారి మొండికేస్తుంది. నల్లటి బూడిదలో కాలని బొగ్గు ఉంటుంది. అది ఎంత ఉందో చూడాలంటే ఆరబెట్టిన బూడిద రెండు గ్రాములు మఫిల్ ఫర్నేస్‌లో బరువు మారడం ఆగేదాకా మళ్లీ కాల్చి, తగ్గిన బరువు తూచండి. బూడిద ఎత్తేటప్పుడు, సంచులు నింపేటప్పుడు మాస్కు పెట్టుకోండి, పక్కవాళ్లకూ పెట్టించండి. స్ఫటిక సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బయటికి రాదు. నీళ్లు చిలకరించి ఎత్తితే దుమ్ము లేవదు.